దు ఫు "చున్ వాంగ్": ఎనిమిది పంక్తులు, నలభై మాటలు, జతల లెక్క

ప్రశ్న: "దు ఫు రాసిన 'చున్ వాంగ్' కవితను రెండు ఇంగ్లీషు అనువాదాలు పక్కన పెట్టుకుని తెలుగులోకి తెచ్చాను. చదివితే మామూలు వసంత వర్ణనలా ఉంది. ఇందులో పంక్తులు జతలుజతలుగా ఉంటాయంటారు, అవి నాకు కనబడటం లేదు. ఒక అనువాదంలో పూలు ఏడుస్తున్నాయి, రెండో దాంట్లో కవి ఏడుస్తున్నాడు. ఏది సరి? మూలంలో మాటమాటకీ అర్థం చెప్పి వివరించగలరా?"

జతలు కనబడకపోవడానికి కారణం మీరు ఇంగ్లీషు వాక్యం మీదుగా రావడమే. ఇంగ్లీషు వాక్యానికి "అయినా", "అప్పుడు", "నేను" లాంటి అతుకులు కావాలి. అవి చేరగానే పై పంక్తికీ కింది పంక్తికీ ఉన్న పోలిక చెదిరిపోతుంది. కాబట్టి అనువాదాలను కాసేపు పక్కన పెట్టి మూలంలోని నలభై అక్షరాలతో మొదలుపెడదాం. పాత చైనీస్ కవితలో ఒక అక్షరమంటే దాదాపుగా ఒక మాట, ఒక్క ఊపులో పలికేది. పంక్తికి అయిదు, పంక్తులు ఎనిమిది.

ముందు సందర్భం. దు ఫు ఎనిమిదో శతాబ్దపు చైనా కవి, తాంగ్ వంశం ఏలుతున్న కాలంవాడు. ఆన్ లుషాన్ అనే సేనాని తిరుగుబాటు 755 చివర్లో మొదలైంది. 756 వేసవిలో రాజధాని చాంగాన్ తిరుగుబాటుదారుల చేతికి చిక్కింది. దు ఫు తన కుటుంబాన్ని ఉత్తరాన ఫుజౌ దగ్గర వదిలి, కొత్త చక్రవర్తి సుజొంగ్ కొలువులో చేరడానికి బయల్దేరాడు. దారిలోనే పట్టుబడి చాంగాన్‌కు చేరాడు. ఈ కవిత 757 వసంతంలో ఆ పట్నంలో రాసింది. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు. ఆ ఏడాది వేసవి మొదట్లో అక్కణ్ణించి తప్పించుకున్నాడు.

మూలం ఇది. ప్రతి పంక్తిలో రెండు మాటల తర్వాత చిన్న విరామం, ఆ తర్వాత మూడు మాటలు. విరామం దగ్గర గీత పెట్టాను. ఉచ్చారణ నేటి మాండరిన్‌ది.

గువో ఫో | షాన్ హ జాయ్ — రాజ్యం, విరుగు | కొండ, నది, ఉండు
ఛెంగ్ చున్ | త్సావ్ ము షెన్ — పట్నం, వసంతం | గడ్డి, చెట్టు, లోతు
గాన్ షి | హువా జ్యెన్ లేయ్ — చలించు, కాలం | పువ్వు, చిందు, కన్నీరు
హెన్ బ్యే | న్యావ్ జింగ్ షిన్ — వగచు, ఎడబాటు | పిట్ట, అదురు, గుండె
ఫెంగ్ హువో | ల్యెన్ సాన్ యుయె — కావలి బురుజు, మంట | వరసగా, మూడు, నెల
జ్యా షు | ది వాన్ జిన్ — ఇల్లు, ఉత్తరం | సమానం, పదివేలు, బంగారం
బాయ్ తౌ | సావ్ గెంగ్ దువాన్ — తెలుపు, తల | గోకు, ఇంకా, పొట్టి
హున్ యు | బు షెంగ్ జాన్ — పూర్తిగా, కాబోవు | లేదు, మోయు, సిగపుల్ల

ఇప్పుడు ఒక కాగితం మీద మొదటి పంక్తి కింద రెండో పంక్తిని మాట కింద మాట పడేలా రాసుకోండి. రాజ్యం కింద పట్నం. విరుగు కింద వసంతం. కొండ, నది కింద గడ్డి, చెట్టు. ఉండు కింద లోతు. నిలువుగా చూస్తే ప్రతి స్థానంలోనూ ఒకే జాతి మాటలు ఎదురెదురుగా కూర్చున్నాయి. మూడో పంక్తి కింద నాలుగు, అయిదు కింద ఆరు పెట్టి చూసినా అంతే. ఏడు, ఎనిమిది పంక్తులకు మాత్రం ఇది కుదరదు.

ఈ పద్యరూపం నియమం కూడా అదే. ఎనిమిది పంక్తులు నాలుగు జంటలు. వాటికి తల, గడ్డం, మెడ, తోక అని శరీరభాగాల పేర్లున్నాయి. గడ్డం, మెడ జంటలు సమాంతరంగా ఉండాలి. తలకు, తోకకు ఆ నిర్బంధం లేదు. దు ఫు ఇక్కడ తల జంటను కూడా సమాంతరంగా కట్టాడు. అందుకే మొదటి పంక్తినుంచే కవిత బిగువుగా ఉంటుంది, తోక దగ్గరికి వచ్చేసరికి ఆ బిగువు ఒక్కసారిగా సడలుతుంది. మీ అనువాదంలో ఆ తేడా వినబడాలి.

సమాంతరం అంటే ఏమిటో తెలుగు సామెతతో తేలిగ్గా పట్టుకోవచ్చు. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత." ఇంటికి ఎదురు బయట, ఈగలకు ఎదురు పల్లకీలు. అయితే ఈ చైనీస్ రూపంలో "మోత"కు ఎదురు మళ్లీ "మోత" రాకూడదు. అదే జాతికి చెందిన వేరే మాట రావాలి. పైగా రెండు పంక్తుల్లో రెండో మాట, నాలుగో మాట స్వరంలో కూడా ఎదురెదురుగా ఉండాలి. చైనీస్ స్వరాలను పద్యం కోసం రెండు గుంపులు చేశారు: నిలకడగా సాగేవి, ఒంపు తిరిగేవి. పై పంక్తి రెండో స్థానంలో ఒంపు ఉంటే కింది పంక్తి రెండో స్థానంలో నిలకడ ఉండాలి. మన గురులఘువులు మాత్రల కొలత, ఇవి గొంతు ఎత్తుపల్లాలు. రెండూ ఒకటనుకోకండి.

మొదటి జంటలో ఇది ఎంత పని చేస్తుందో చూడండి. "విరుగు" ఒంపు స్వరం, దాని కింది "వసంతం" నిలకడ స్వరం. అర్థంలో ఎదురు, ధ్వనిలోనూ ఎదురు. అక్కడ "అయినా" అనే మాట అక్కర్లేదు. ఆ పని స్థానమే చేస్తోంది.

అందుకే "రాజ్యం కూలినా కొండలూ నదులూ ఉన్నాయి" అని రాస్తే రెండు నష్టాలు. ఒకటి, ఆ "నా" ప్రత్యయం రెండో పంక్తిలో పెట్టలేరు ("పట్నంలో వసంతమొచ్చినా చెట్లు పెరిగాయి" అంటే అర్థం లేదు), కాబట్టి జంట విరిగిపోతుంది. రెండు, "కూలినా ఉన్నాయి" అంటే అదొక ఊరటలా వినిపిస్తుంది. మూలంలో ఉన్నది ఊరట కాదు. 11వ శతాబ్దపు చరిత్రకారుడు సిమా గ్వాంగ్ ఈ పంక్తుల గురించి ఒక మంచి మాట అన్నాడు: కొండలూ నదులూ ఉన్నాయంటే ఇంకేమీ మిగల్లేదని, గడ్డీ చెట్లూ దట్టమయ్యాయంటే మనుషుల జాడ లేదని. చెప్పినదాన్ని బట్టి చెప్పనిది తెలియాలి. వసంతంలో రాజధాని వీధులు జనంతో కిటకిటలాడాలి. అక్కడ గడ్డి ఎత్తుగా పెరిగిందంటే దాన్ని తొక్కే కాలే లేదన్నమాట.

తెలుగులో ఈ జంటకు మనకొక వెసులుబాటు ఉంది. క్రియ లేకుండా వాక్యం ముగించగలం: "ఇల్లు ఖాళీ", "ఊరంతా పండగ". కాబట్టి:

రాజ్యమంతా శిథిలం, కొండా ఏరూ ఉన్నాయి.
పట్నమంతా వసంతం, చెట్టూ చేమా కమ్ముకున్నాయి.

"పట్నం చిగిర్చింది" అని క్రియతో రాస్తే మూలానికి ఇంకా దగ్గర, ఎందుకంటే అక్కడ "వసంతం" క్రియలాగే పనిచేస్తోంది. కానీ తెలుగులో ఊరు చిగిర్చిందంటే మళ్లీ కోలుకుందని అర్థం వస్తుంది. ఇక్కడ అది పూర్తిగా తప్పుదారి. "లోతు" మాటను కూడా అలాగే వదలండి. గడ్డికి తెలుగులో లోతు ఉండదు. "చెట్టూ చేమా" మాత్రం బాగా నప్పుతుంది. మూలంలో గడ్డి, చెట్టు కలిసి జంటమాటే.

ఇక పూల సంగతి. రెండు అనువాదాల్లో ఏదీ తప్పు కాదు, మూలంలో కర్త ఎవరో చెప్పలేదు. "కాలానికి చలించి, పువ్వు, కన్నీరు చిందు." పువ్వే కన్నీరు చిందిస్తోందనుకుంటే రేకుల మీది మంచుబొట్లు గుర్తొస్తాయి. పువ్వును చూసి మనిషి కన్నీరు చిందిస్తున్నాడనుకుంటే, ఎప్పుడూ ఆనందాన్నిచ్చే పువ్వు ఇప్పుడు ఏడిపిస్తోందని అర్థం. సిమా గ్వాంగ్ రెండో అర్థమే తీసుకున్నాడు: పూలూ పిట్టలూ మామూలుగా వినోదానికి, వాటిని చూసి ఏడుస్తున్నాడంటే, విని బాధపడుతున్నాడంటే, ఆ కాలం ఎలాంటిదో తెలుస్తోందని.

అనువాదకుడు చేసే అసలు పొరపాటు ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోవడం కాదు. ఒక పంక్తిలో ఒకటి, రెండో పంక్తిలో ఇంకొకటి ఎంచుకోవడం. "పూలు ఏడుస్తున్నాయి, పిట్టల కూతకు నా గుండె అదిరింది" అని రాస్తే పై పంక్తిలో దుఃఖం పువ్వుది, కింది పంక్తిలో మనిషిది అయిపోతుంది. రెండూ సమాంతరం కాబట్టి పువ్వు ఏడిస్తే అదిరేది పిట్ట గుండె. మనిషి ఏడిస్తే అదిరేది మనిషి గుండె. మీ చిత్తుప్రతిని ఇలా పరీక్షించుకోండి: రెండు పంక్తుల్లోనూ "ఎవరి?" అని అడగండి. కన్నీరు ఎవరిది, గుండె ఎవరిది? జవాబులు వేరైతే తిరగరాయాలి.

ఆ రెండు అర్థాలనూ నిలబెట్టగల ప్రత్యయం తెలుగులో ఒకటుంది, "కు". "పిల్లకు కన్నీళ్లొచ్చాయి" అంటే ఏడ్చింది పిల్ల. "పొగకు కన్నీళ్లొచ్చాయి" అంటే పొగ కారణం, ఏడ్చింది మనం. ఇంగ్లీషులో ఒక్క మాటతో ఇది సాధ్యం కాదు, అందుకే మీ ముందున్న రెండు అనువాదాలు చెరో పక్కకీ పోయాయి. మనం ఎటూ పోనక్కర్లేదు:

కాలాన్ని తలచి పూలకు కన్నీళ్లు చిందాయి.
ఎడబాటుకు కుమిలి పిట్టలకు గుండె అదిరింది.

ఇందులో "నా", "నాకు" ఎక్కడా రాకూడదు. ఒక్కసారి వచ్చినా ఆ రెండో అర్థం మూసుకుపోతుంది. "కాలం" కూడా మనకు కలిసొచ్చింది. మూలంలో "షి" అంటే గడియారపు కాలం కాదు, రోజులు ఎలా ఉన్నాయన్నది. "కాలం బాగాలేదు" అన్నప్పుడు మనం వాడేదీ అదే. "హెన్" విషయంలో మాత్రం జాగ్రత్త. నేటి చైనీస్ నిఘంటువు తెరిస్తే "ద్వేషించు" అని కనబడుతుంది. పాత కవిత్వంలో అది తీరని బాధ, మనసులో మిగిలిపోయిన వెలితి. ఎడబాటును ద్వేషించడమని రాస్తే కవి కోపంగా ఉన్నాడనిపిస్తుంది.

ఇక్కడే స్వరాల లెక్కలో ఒక చిక్కు వస్తుంది. మూడో పంక్తి రెండో మాట "షి" నిలకడ స్వరం. కాబట్టి నాలుగో పంక్తి రెండో మాట "బ్యే" ఒంపు స్వరం కావాలి. నేటి మాండరిన్‌లో చూస్తే అది కూడా నిలకడ గుంపులోకే వస్తుంది. దు ఫు తప్పు చేశాడనుకోకండి. తాంగ్ కాలంలో ఆ మాట చివర పొల్లు హల్లుతో తెగిపోయేది, అలా తెగే మాటలన్నీ ఒంపు గుంపులోనే లెక్క. తర్వాత మాండరిన్‌లో ఆ పొల్లులు పోయి, మాటలు వేరే స్వరాల్లోకి చెదిరిపోయాయి. మొదటి పంక్తిలో "గువో", ఏడో పంక్తిలో "బాయ్" కూడా ఇలాంటివే.

ప్రాసకూ ఇదే సంగతి. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది పంక్తుల చివర్లు కలవాలి: షెన్, షిన్, జిన్, జాన్. చివరిది కలవనట్టే ఉంది కదా? ఆ కాలంలో నాలుగూ దాదాపుగా "ఇమ్" అని ముగిసేవి. కాంటనీస్‌లో ఆ మకారం ఇప్పటికీ ఉంది: సమ్, సమ్, గమ్, జామ్. లోతు, గుండె, బంగారం, సిగపుల్ల, ఈ నాలుగు బరువైన మాటల మీద ప్రాస కూర్చుంది. తెలుగులో అంత్యప్రాస తేవాలంటే "ఉన్నాయి, చిందాయి" అని క్రియల తోకలు కలుస్తాయి తప్ప మాటలు కలవవు. అది ఊరికే వచ్చే ప్రాస, దానికి విలువ లేదు. జతను కాపాడటమా ప్రాసను కాపాడటమా అన్నప్పుడు నేను ప్రాసను వదిలేస్తాను. ఆటవెలదిలోనో కందంలోనో పెట్టాలన్న ఆశ కూడా వద్దు. గణాల కోసం విశేషణాలు చేరతాయి. మూలంలో విశేషణమంటూ చెప్పదగ్గది "తెల్లని తల" ఒక్కటే.

మెడ జంట మూడు, పదివేలు అన్న అంకెల మీద నడుస్తుంది. కావలి మంట అంటే సరిహద్దు బురుజు మీద వెలిగించే హెచ్చరిక మంట. ఒక బురుజు నుంచి ఇంకో బురుజుకు శత్రువు వచ్చాడన్న కబురు అలా పోతుంది. అంటే పై పంక్తిలో యుద్ధపు కబురు, కింది పంక్తిలో ఇంటి కబురు. మొదటిది ఆగకుండా వస్తోంది, రెండోది రావడం లేదు. "యుద్ధం" అని రాసేస్తే ఈ పోలిక మాయమవుతుంది. అందుకే మంటను మంటగానే ఉంచండి, అవసరమైతే కింద ఒక్క ముక్క వివరణ ఇవ్వండి.

"సాన్ యుయె"కు "మూడు నెలలు" అనీ "మూడో నెల" అనీ రెండర్థాలు. పాత చైనీస్‌లో ఆ తేడా రూపంలో కనబడదు. మూడో నెల అని చెప్పేవాళ్లూ ఉన్నారు. కింద ఉన్నది "పదివేలు" అనే లెక్క కాబట్టి పైన కూడా లెక్కే ఉండాలని నేను "మూడు నెలలు" వైపు మొగ్గుతాను. చైనీస్ పంచాంగంలో వసంతం మొదటి మూడు నెలలు. అంటే వసంతమంతా మంటలే.

కింది పంక్తికి మీకు వెంటనే "ఉత్తరం ముక్క వస్తే అదే పదివేలు" అనిపించవచ్చు. అంకె కూడా సరిగ్గా అదే కాబట్టి చెయ్యి అటు పోతుంది. కానీ మన పలుకుబడిలో అది "ఆ మాత్రం చాలు" అన్న తృప్తి. మూలంలో తృప్తి లేదు, ఉత్తరమే రాలేదు. దానికన్నా "లక్షల పెట్టు" అనేటప్పటి "పెట్టు" సరిపోతుంది, "ది" అన్న మాటకు అర్థం కూడా సరిగ్గా అంతే:

కావలి మంటలు మూడు నెలల వరస.
ఇంటి ఉత్తరం పదివేల కాసుల పెట్టు.

మూలంలో "బంగారం" అనే ఉంది. "కాసులు" అంటే మనకు బంగారమే స్ఫురిస్తుంది కాబట్టి సరిపోతుంది. "వరహాలు" అని పెట్టకండి, పాఠకుడు విజయనగరంలో తేలతాడు.

చివరి జంటలో నిలువు జతలు ఆగిపోయాయి. రెండు పంక్తులూ కలిసి ఒకే వాక్యం. అప్పటిదాకా కర్త లేకుండా నడిచిన కవితలో ఇక్కడ ఒక మనిషి కనబడతాడు, అది కూడా తల మాత్రమే. రాజ్యం, పట్నం, పువ్వు, ఉత్తరం, చివరికి ఒక సిగపుల్ల. చూపు అలా చిన్నదవుతూ వచ్చింది. ఆ పుల్ల ఆడవాళ్ల అలంకారం కాదు. అప్పటి మగవాళ్లు జుట్టును నడినెత్తిన ముడివేసి, దానికీ ఉద్యోగపు టోపీకీ పుల్ల గుచ్చేవారు. పుల్ల నిలవకపోతే టోపీ కూడా నిలవదు. కొలువుకోసం బయల్దేరి బందీ అయిన మనిషి తల అది. కాబట్టి "జడపిన్ను" అసలు పనికిరాదు.

ఇక్కడ రెండు మాటలు జాగ్రత్తగా చూడాలి. "యు"కు నిఘంటువులో "కోరు" అని ముందు కనబడుతుంది. ఇక్కడ అర్థం "కాబోతోంది". "షెంగ్"కు స్వరం మారితే "గెలుపు", నిలకడ స్వరంలో పలికితే "మోయగలగడం". ఏదో ఎలా తేల్చాలి? ఏడో పంక్తి నాలుగో మాట "గెంగ్" ఒంపు స్వరం, కాబట్టి దాని కింద నిలకడే రావాలి. అంటే మోయడమే. ఛందస్సు అర్థాన్ని ఇలా తేల్చిపెడుతుంది. గెలుపు అని చదివితే పంక్తి అర్థంలోనూ పోతుంది, లయలోనూ పోతుంది.

నెరిసిన తల గోక్కున్నకొద్దీ జుట్టు పలచబడి
ఇక సిగలో పుల్లయినా నిలిచేలా లేదు.

"పొట్టి" అని మూలంలో ఉన్నా గోకితే జుట్టు పొట్టిదవదు, రాలి పలచనవుతుంది. "ఇంకా" అన్న మాటకు "కొద్దీ" సరిపోయింది. "నిలిచేలా లేదు" అన్నప్పుడు ఇంకా పడిపోలేదు, పడబోతోంది. "నిలవడం లేదు" అని రాస్తే ఆ "యు" పోతుంది.

మిగిలింది పేరు. "చున్" వసంతం. "వాంగ్" అంటే దూరానికి చూడటం, ఆశగా ఎదురుచూడటం రెండూ. "వసంత దృశ్యం" అంటే గోడకు తగిలించే పటంలా ఉంది, మీ అనువాదం వర్ణనలా అనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. "ఎదురుచూపు" అంటే ఉత్తరం ఉంటుంది కానీ కొండలూ పట్నం పోతాయి. "వసంతంలో చూపు" అని పెడితే చూడటం నిలుస్తుంది, ఎవరికోసమన్నది అయిదారు పంక్తులు చదివాక తెలుస్తుంది.